లేబుల్ టెంప్లేట్‌లో రంగు మార్చండి, అమరిక చెడగొట్టకండి

ఆదివారాలు ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లల్ల మనం అమ్ముతున్న బియ్యం, కందిపప్పు, పసుపు ప్యాకెట్ల లేబుల్ గురించి చాలామంది అడుగుతున్నరు. "ఆ డిజైన్ మాకూ పంపు, మా పేరు పెట్టుకుంటం" అంటున్నరు. పంపుత. కానీ ఇద్దరు తమ్ముళ్లు తీసుకుని మార్చుకున్న తర్వాత ఆ లేబుల్ చూస్తే, అది మన లేబులే అని నేనే గుర్తుపట్టలేకపోయిన. అందుకే ముందు ఈ పోస్టు చదవండి. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

టెంప్లేట్ అంటే బొమ్మ కాదు, ఒక లెక్క. ఏ రంగు పక్కన ఏ రంగు, పెద్దక్షరం పక్కన చిన్నక్షరం ఎంత, అంచు నుంచి ఎంత ఖాళీ అన్నది ముందే కుదిర్చి పెట్టింది. ఆ లెక్క ఉంచి రంగు మారిస్తే ఏం కాదు. లెక్క పోతే ఎంత మంచి రంగు వేసినా ఫ్లెక్సీ లెక్కనే కనిపిస్తది.

ముందు సైజు, తర్వాత టెంప్లేట్

అందరూ ముందు బాగున్న డిజైన్ వెతుకుతరు. సైజు గురించి ప్రింటింగ్ షాపుకు పోయినంక ఆలోచిస్తరు. ఇది తిరగబడాలె. డిజిటల్ ప్రింట్ షాపుల్ల స్టిక్కర్ షీటు ఎక్కువగా 12×18 అంగుళాలు ఉంటది. 4×6 అంగుళాల లేబుల్ అయితే షీటుకు తొమ్మిది పడతయని మనకు అనిపిస్తది, లెక్క కూడా సరిగ్గా కుదురుతది. కానీ కత్తిరించేటప్పుడు తెల్ల అంచు రాకుండా చుట్టూ 3 మిల్లీమీటర్లు రంగు ఎక్కువ పోనియ్యాలె. దాన్ని బ్లీడ్ అంటరు. అది కలిపి అన్నీ ఒకే దిక్కున పేరిస్తే షీటుకు నాలుగే పడతయి. అదే లేబుల్ 3.5×5.5 అంగుళాలు పెట్టుకుంటే బ్లీడ్ కలిపి కూడా తొమ్మిది పడతయి. షాపు వాళ్లు డబ్బులు షీటు లెక్కన తీసుకుంటరు గనుక ఒక్కో లేబుల్ ఖర్చు దాదాపు సగానికి దిగుతది.

అందుకే కాన్వాలో ముందు 3.5×5.5 అంగుళాల ఖాళీ కాగితం తెరిచి, ఆ ఆకారానికి దగ్గరగా ఉన్న టెంప్లేట్ ఎంచుకోండి. చతురస్రం టెంప్లేట్ తీసుకుని తర్వాత నిలువుకు సాగదీస్తే అన్ని కొలతలు ఒకేసారి పోతయి.

టెంప్లేట్ నచ్చినంక రెండు పరీక్షలు చేయండి. మొదటిది, అందులో ఉన్న ఫోటో తీసేసి చూడండి. ఫోటో లేకుంటే బోసిపోయిందంటే ఆ అందం టెంప్లేట్‌ది కాదు, ఫోటోది. రెండోది, వాళ్ల నమూనా మాటలు తీసేసి మన మాటలు మొత్తం వేయండి. మనకు పేరు ఒక్కటే ఉండదు. బరువు, అన్ని పన్నులు కలిపి ధర, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం, అడ్రసు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహార గుర్తు ఇట్ల చాలా ఉంటయి. పైగా చట్టం అడిగే వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలె, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. అంటే రెండు భాషలు పట్టాలె. మూడు ముక్కలకు చేసిన టెంప్లేట్‌లో పది ముక్కలు కుక్కితే ఏమైతదో చెప్పక్కర్లేదు. అందుకే మా ఆరుగురం కిందిభాగంలో వివరాలకు వేరే పట్టీ ఉన్న సాదా టెంప్లేట్ తీసుకున్నం.

రంగుకు ఒక పని ఉంటది

మా టెంప్లేట్‌లో నాలుగే రంగులు. పైన పట్టీకి ముదురు ఆకుపచ్చ, పట్టీ మీద అక్షరాలకు తెలుపు, మధ్యల మీగడ రంగు, బరువు రాసిన గుండ్రానికి నారింజ. ప్రతి రంగుకు ఒక పని ఉంది. రంగు మార్చడమంటే ఆ పనికి ఇంకో రంగును పెట్టడం, అంతే. ఐదో రంగు తేవద్దు.

బియ్యానికి ఆకుపచ్చ అట్లనే ఉంచినం. కందిపప్పుకు పట్టీ ఇటుక ఎరుపు చేసినం, ఏ ఇబ్బందీ రాలేదు. పసుపు దగ్గర చిక్కొచ్చింది. పట్టీకి పసుపు రంగు `#F4B400` పెట్టంగనే పేరు మాయమైనట్టు అయింది. ఆకుపచ్చ ముదురు గనుక తెల్ల అక్షరం నిలిచింది. పసుపు లేత రంగు, దాని మీద తెలుపు నిలవదు. నెట్‌లో `contrast checker` అని కొడితే రెండు రంగుల తేడా చెప్పే లెక్క దొరుకుతది. చిన్న అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటరు. ఈ పసుపు మీద తెలుపుకు 2 కూడా రాలేదు. అక్షరాలు ముదురు గోధుమ రంగు `#3E2723` చేస్తే 7 దాటింది. అంటే నేల లేత అయితే అక్షరం ముదురు కావాలె. ఒకటి మారిస్తే దాని జత కూడా మారాలె.

లెక్కలు వద్దనుకునేవాళ్లు ఫోన్‌లో లేబుల్ బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. పేరు చదవడానికి వస్తే రంగుల జత సరిపోయినట్టే.

కాన్వాలో ఒక రంగు మార్చంగనే కింద `Change all` అని వస్తది. అది నొక్కితే ఆ రంగు ఉన్న ప్రతిచోటా మారుతది, ఒక్కొక్కటి వెతికి మర్చిపోయే బాధ ఉండదు. కానీ ఒక జాగ్రత్త. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉండే శాకాహార గుర్తును గీతలతో గీసుకుని, పట్టీకి పెట్టిన ఆకుపచ్చనే దానికీ పెడితే, పట్టీతో పాటు ఆ గుర్తు కూడా ఎర్రగా మారిపోతది. ఆ రంగు మన ఇష్టం కాదు, అది ఆకుపచ్చే ఉండాలె. ఆ గుర్తును విడిగా బొమ్మగా పెట్టుకుంటే గొడవ లేదు.

ఇంకొకటి, ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తది, ప్రింటు సిరాతో. తెర మీద మెరిసే చిలకపచ్చ స్టిక్కర్ మీద కొంచెం మాడినట్టు వస్తది. అందుకే మొదట ఒక్క షీటే వేయించి, ప్యాకెట్‌కు అతికించి, ఎండలో చూసి, తర్వాత మిగతావి చెప్పండి.

తెలుగు అక్షరానికి ఎత్తు ఎక్కువ కావాలె

ఈ టెంప్లేట్లు ఎక్కువ శాతం ఇంగ్లీషు అక్షరం కొలతకు కుట్టిన చొక్కాలు. మన అక్షరానికి పైన గుడి ఉంటది, కింద ఒత్తులు వేలాడుతయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుస దూరంలో తెలుగు పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతది. కాన్వాలో `Line spacing` 1.2 అట్ల ఉంటే దాన్ని 1.5 దాకా పెంచండి. ఎత్తు పెరుగుతది గనుక అక్షరం సైజు కొంచెం తగ్గించాల్సి రావచ్చు. అక్షరాలు దగ్గరికి నొక్కి మాత్రం ఇరికించొద్దు.

ఇంగ్లీషు టెంప్లేట్లల్ల పేరును స్టైల్‌గా దూరం దూరంగా పేరుస్తరు. ఆ `Letter spacing` తెలుగుకు అట్లనే వదిలితే "కందిపప్పు" ఒక మాటలాగ కాక ముక్కలు ముక్కలుగా కనిపిస్తది. దాన్ని సున్నాకు తీసుకురండి.

ఫాంట్లు రెండు చాలు. పేరుకు రామభద్ర, వివరాలకు మండలి పెట్టినం. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే. రామభద్ర పుట్టుకతోనే లావు అక్షరం, దానికి ఇంకా బోల్డ్ నొక్కితే ఒత్తుల మధ్య సందులు పూడిపోతయి. మండలికి కూడా ఒకటే మందం ఉంది. వివరాలల్ల కొన్ని మాటలు లావుగా, కొన్ని సన్నగా కావాలంటే నోటో సాన్స్ తెలుగు వాడండి, దానికి మందాలు చాలా ఉన్నయి.

ఇప్పుడు షాపు సంగతి. తెలుగు ప్రింటింగ్ షాపుల్ల చాలాచోట్ల పాత అను ఫాంట్లతోనే పని నడుస్తది. మనం ఫోన్‌లో కొట్టేది యూనికోడ్. రెంటికీ లోపలి లెక్క వేరు, కాబట్టి మన మాటలు అక్కడ నేరుగా అతకవు. వాట్సాప్‌లో మాటలు పంపి "ఇందులో వేయండి" అంటే వాళ్లు మళ్లీ టైప్ చేయాలె, లేదా మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేయాలె. ఒత్తులు పోయేది అక్కడనే. మా గుంపులో ఒక తమ్ముడి లేబుల్ మీద "ఉత్పత్తి"లో ఒత్తులు విడిపోయి పక్కన పడ్డయి. నాచారంలో ఒకామె ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, ఆ మాట రెండుసార్లు చదివి, "ఇది మీరే చేసిందా, ఎక్కడన్నా కొన్నదా?" అని అడిగింది. పప్పు మంచిదే, అక్షరం అనుమానం తెచ్చింది.

దీనికి మందు సులువే. మాటలు కాదు, డిజైన్‌ను `PDF Print` రకంగా దించి ఆ ఫైలే పంపండి. దించేటప్పుడు `Crop marks and bleed` టిక్ పెట్టండి. అచ్చుకు పోయేముందు షాపు కంప్యూటర్ తెర మీద "రాష్ట్రం", "ఉత్పత్తి" లాంటి ఒత్తుల మాటలు ఒకసారి కళ్లతో చూసుకోండి.

జరపాలంటే గుంపుగా జరపండి

బరువు, దాని కింద ధర, గుండ్రం ఈ మూడూ ఒక గుంపు. జరపాలంటే మూడింటినీ కలిపి ఎంచుకుని `Group` చేసి జరపండి. ఒక్క ధరనే పక్కకు లాగితే బరువు ఒంటరిదై, కొనేవాళ్లు ధరను వెతుక్కుంటరు. కత్తి కొంచెం అటూ ఇటూ పోయినా అక్షరం తెగకుండా అంచుకు 5 మిల్లీమీటర్ల లోపలనే అన్ని మాటలు ఉంచండి.

ఇగ ఖాళీ జాగా. అది చూడంగనే మన చేతులు ఊరుకోవు. ఒక తమ్ముడు తన ఫోటో, దేవుని బొమ్మ, నాగలి, రెండు వరి కంకులు పెట్టిండు. ఒక్కొక్కటి చూస్తే బాగనే ఉంది. కానీ వాటికి జాగా ఇయ్యడానికి "పసుపు" అన్న పేరు సగానికి చిన్నదైంది. టేబుల్ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే ముందు కనిపించేది మొఖం, తర్వాత నాగలి, సరుకు పేరు కనిపించనే లేదు. నేను పెట్టుకున్న నియమం ఏందంటే, ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలె. ఫోటో తప్పదనుకుంటే ప్యాకెట్ వెనుక రెండో స్టిక్కర్ మీద వేసుకోండి, ఎవరూ వద్దనరు.

మన గుంపుకు దీనితో ఇంకో అవసరం కూడా ఉంది. ఆరుగురి సరుకు ఒకే టేబుల్ మీద ఉంటది. పోయిన నెల బియ్యం కొన్న ఇంటావిడ ఈ నెల పప్పు చూసి "ఇదీ మీదేనా" అని అడగకుండానే తెలుసుకోవాలె. పట్టీ అక్కడనే, పేరు అదే ఫాంట్‌లో, గుండ్రం అదే మూలన ఉండి, పట్టీ రంగు మాత్రం సరుకును బట్టి మారితే ఆమెకు తెలుస్తది. ఆరుగురం ఆరు తీర్ల మార్చుకుంటే ఆరు కొత్త దుకాణాలైతయి.

ఫైలు కావలసినవాళ్లు కింద సరుకు పేరు రాయండి, లింకు పంపుత. అందిన వెంటనే `Make a copy` నొక్కి ఆ కాపీలోనే మార్చండి, అసలు దాన్ని ముట్టుకోకండి. ముందు మాటలు వేయండి, తర్వాత వరుస దూరం సరిచేయండి, రంగు చివర మార్చండి. షీటు వేయించే ముందు ఇక్కడ ఫోటో పెట్టండి, ఒత్తులు నేను కూడా ఒకసారి చూస్త.