ఎనిమిది మంది వీడియోను ఒక్కడితో తీసిన కథ

పోయిన నెల శెనక్కాయ విత్తనం మొలక పరీక్ష మీద వీడియో చేస్తానని చెప్పింటి కదా. ఎందుకు ఆలస్యమైందో చెప్తా వినండి.

మొదట రాసుకున్న కథలో ఐదు చోట్లు, ఎనిమిది మంది ఉన్నారు. విత్తనాల అంగడి, రైతు సేవా కేంద్రం, ఇల్లు, నష్టపోయిన సోమప్ప చేను, కట్టమీద పంచాయితీ. మే నెలలో తీద్దామంటే ఒకరు పెళ్ళికి పాయె, ఇద్దరు బెంగళూరు పనికి పాయిరి. బండి బాడుగ, అందరికీ భోజనం లెక్కేస్తే నాలుగు వేలు దాటింది. వాన పడితే ఎవరూ దొరకరు. విత్తనం వేసినాక ఆ వీడియో ఎవరికి కావాల?

2006లో బెంగళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ వాళ్ళ వీడియోలు కొందరు చూసింటారు. ఊరి రైతే తన చేనిలో నిలబడి చెప్తాడు, అంతే. అది గుర్తొచ్చి కాగితం ముందర పెట్టుకుని ప్రతి సీనుకూ ఒకటే అడిగినా: దీంట్లో కంటితో చూడాల్సింది ఏముంది?

అంగడి సీనులో చూడాల్సింది సంచి మీది చీటీ ఒక్కటే. అది ఇంటికే తెచ్చి చేతిలో పట్టుకుంటే సరిపాయె. సేవా కేంద్రం సారు చెప్పే మాట, శెనక్కాయకు నూటికి 70 అన్నా మొలవాలని. అది నేనే చెప్పొచ్చు. కట్టమీద పంచాయితీ అంతా మాటలే, కొట్టేసినా. మిగిలింది అరుగు, చేను.

అరుగు మీద సంచి పైన, నడుమ, అడుగున తీసి కలిపి, ఏరకుండా నూరు గింజలు లెక్కపెట్టినా. తడి గోనెలో వరసగా పెట్టి చుట్టి నీడన ఉంచినా. పదో దినం అదే చోట కూర్చుని విప్పినా. చొక్కా మారింటే చాలు, దినాలు గడిచినట్లు చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. 58 మొలిచినాయి. విత్తనం మార్చాల. మార్చే దారి లేకుంటే ఎకరాకు 60 కిలోలు వేసే చోట 72 పడతాది. అదీ గింజ కుళ్ళకుండా ఉంటేనే.

చేనిలో ఇంకా పైరు లేదు, బోసి సాళ్ళు చూపేదెట్ల? దున్నిన సాలులో పది గింజలు పెట్టి నాలుగు తిరిగి తీసేసినా. చూడంగానే అర్థమైతాది. గాలికి ఫోనులో మాట వినపడలేదు, రెండుసార్లు తీసినా అంతే. చివరకు మాట అరుగు మీదే రికార్డు చేసి చేని బొమ్మ మీద పెట్టినా.

ఇబ్బందంతా సోమప్పతోనే వచ్చింది. ఆయన లేకుంటే నష్టం ఎవరిది? నిజం చెప్పాలంటే సోమప్ప అనేవాడు లేడు. పోయిన ఖరీఫ్‌లో పరీక్ష చెయ్యకుండా వేసి మూడెకరాలు పలచన చేసుకున్నది నేనే. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు, వానే లేదని చెప్పుకుంటి. ఒక్కడే ఉన్న వీడియోలో ఆ మాట వేరేవాడి నోట పెట్టే దారి లేకపాయె. మూడుసార్లు కెమెరా ఆపి నాలుగోసారి చెప్పేసినా.

ఆరు నిమిషాలు వచ్చింది. రేపు సాయంత్రం పెడతా. గోనె, గింజలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.