పడిశం పోయినా దగ్గు పోలేదు

టమోటా రేట్ల సంగతి ఈరోజు కాదు, దగ్గు సంగతి రాస్తా ఉండా.

పోయిన చలికాలంలో రాత్రి కరెంటుకు తోటకు నీళ్లు కట్టి వచ్చినాక పడిశం పట్టింది. మొదటి దినం గొంతు గరగర. మూడో దినానికి ముక్కు దిబ్బడ, తల భారం, అదే చాలా కష్టమైన దినం. ఆరో దినానికి తేలిక పడింది. వారం దాటేసరికి దగ్గు తప్ప ఏమీ లేదు. మామూలు పడిశం లెక్క ఇంతే, వారం నుంచి పది దినాలు. అదే నెలలో మావాడికి ఫ్లూ వచ్చింది. వాడికి నాలుగు దినాలు గట్టి జ్వరం, ఒళ్లునొప్పులు. జ్వరం దిగినా బాక్సు ఎత్తే బలం రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

నా దగ్గు మాత్రం పోలా. మండీలో దుమ్ము తగిలినా, తెల్లవారి చలిగాలి తగిలినా, పక్కనోడు బీడీ ముట్టించినా మొదలు. పన్నెండో దినం మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ ఇచ్చినారు. ఐదు దినాలు మింగినా, దుడ్లు పోయినాయి గానీ దగ్గు పోలా.

పదిహేడో దినం ఆశా కార్యకర్త చూసి, "మామా, రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాల, ఊరికే చేస్తారు" అనింది. నాకు గుండె గుభేల్మనింది. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి పెట్టినారు. మా అవ్వ కాలంలో ఆ ఊరి పేరెత్తితేనే జనం భయపడేవాళ్లంట. పోదామా వద్దా అని రెండు దినాలు తాత్సారం చేసి, ప్రభుత్వ ఆసుపత్రికే పోయినా. పొద్దున లేస్తానే, నోట్లో ఎంగిలి కాకుండా రొమ్ము లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె ఇమ్మన్నారు. ఎంగిలి ఇస్తే జబ్బు ఉన్నా పరీక్షలో తెలియకపోవచ్చంట. రిపోర్టులో టీబీ లేదని వచ్చింది.

మరి దగ్గెందుకు అని డాక్టరమ్మను అడిగినా. వైరస్ పోయింది, అది గీరేసిన గొంతు, గాలిగొట్టాల లోపలి పొర ఇంకా మానలేదు అనింది. కళ్లెను పైకి తోసే సన్న వెంట్రుకల్లాంటివి అక్కడ రాలిపోతాయంట, అవి మళ్లా మొలవాల. నరాలు ఊరికే ఉలిక్కిపడతా ఉంటాయి. అందుకే చిన్న దుమ్ముకే దగ్గు. మన తోటలో మాదిరే. మందు కొడితే పురుగు చస్తుంది, చిల్లు పడిన ఆకు పూడదు, కొత్త ఆకు రావాల. యాంటీబయాటిక్ వైరస్‌నే చంపదు, ఇంక పొరను ఏం మాన్పుతుంది? పడిశం తర్వాత దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుందంట, కొందరికి ఎనిమిది వారాల దాకా. అయితే దినదినానికి తగ్గుతా రావాల.

తగ్గకుండా పెరిగినా, ఒకసారి దిగిన జ్వరం మళ్లా వచ్చినా, సాయంత్రం పూట జ్వరం కాస్తున్నా, కళ్లెలో రక్తం పడినా, మనిషి చిక్కిపోతున్నా, ఆయాసం వస్తున్నా రెండు వారాలు కూడా చూడకూడదని చెప్పింది.

నాది ముప్పై రెండో దినానికి ఆగింది. మా ఇంటామె లెక్క పెట్టింది, ఆ రాత్రుళ్లు నిద్ర లేనిది ఆమెకే కదా.