పాత పేపర్లలో ఏది పాతబడింది?

మా చెల్లెలి కొడుకు జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి చదువుతున్నాడు. పరీక్షకి రెండు నెలలుందనగా పాత పేపర్ల కట్ట ముందేసుకుని, "మామయ్యా, ఇవన్నీ చేయాలా? ప్రతి ఏడాదీ స్టైల్ మార్చేస్తున్నారు కదా!" అన్నాడు. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి, నా దగ్గరికే వచ్చాడు.

ఇద్దరం కూర్చుని కట్టని మూడు భాగాలు చేశాం. 2006కి ముందు మెయిన్స్‌లో లెక్క మొత్తం రాసి చూపించాలి. ఆ ఏడాది నుంచి పరీక్షంతా ఆబ్జెక్టివ్ అయింది. 2013లో అడ్వాన్స్‌డ్ అనే పేరు వచ్చింది. 2018 నుంచి కంప్యూటర్ మీదే రాస్తున్నారు.

టైమ్ పెట్టుకుని రాయడానికి 2018 తర్వాతి పేపర్లే ఉంచాం. ఎందుకంటే మార్కుల లెక్క, తెర మీద చదవడం అలవాటు కావాలి. మధ్యలోవి చాప్టర్ల వారీగా చేయమన్నాను. 2006కి ముందువి పారేస్తానన్నాడు. వద్దన్నాను. మారింది జవాబు రాసే తీరు గానీ, అందులోని ఫిజిక్స్ కాదు.

ఉదాహరణ చెప్తాను. వాలుతలం మీద గట్టి గోళం జారకుండా దొర్లుతోంది. పాత పద్ధతిలో అయితే త్వరణం ఎంత, కనీసం ఎంత ఘర్షణ గుణకం కావాలి అని అడుగుతారు. జవాబులు (5/7) g sin θ, (2/7) tan θ. ఇదే లెక్కని నాలుగు వాక్యాలుగా మార్చి వాడికిచ్చాను: త్వరణం (5/7) g sin θ, ఘర్షణ బలం μmg cos θ, ఘర్షణ చేసే పని సున్నా, μ రెట్టింపైతే త్వరణం మారుతుంది. సరైనవన్నీ గుర్తించాలి.

వాడు మొదటి మూడూ పెట్టాడు. రెండోది తప్పు. μmg cos θ అనేది ఘర్షణకి గరిష్ఠ హద్దు మాత్రమే. దొర్లడానికి అవసరమైంది (2/7) mg sin θ, అంతే పుడుతుంది. అందుకే μ పెరిగినా త్వరణం మారదు. ఒకటీ మూడూ మాత్రమే పెడితే 4 మార్కులు, ఒక్కటి పెట్టి ఆగినా 1 మార్కు వచ్చేది. తప్పుది కలిసింది కాబట్టి మైనస్ 2. "సూత్రం తెలుసు మామయ్యా, ఎప్పుడు వాడాలో చూసుకోలేదు" అన్నాడు. పాత మెయిన్స్ లెక్కలు పూర్తిగా రాసి చేస్తే ఆ 'ఎప్పుడు' తెలుస్తుంది.

ఆప్షన్లు పెట్టి చూస్తేనో, కొలతలు సరిచూస్తేనో తేలిపోయే ప్రశ్నలు మాత్రం పక్కన పెట్టించాను. అదే ప్రశ్నకి సంఖ్య టైప్ చేయమంటే ఆ దారి మూసుకుపోతుంది. ఒక ప్రశ్న ఉంచాలా వద్దా అన్నదానికి మేం పెట్టుకున్న పరీక్ష ఇదే: ఆప్షన్లు చేత్తో మూసి చేయగలగాలి.

చివరిగా సిలబస్. 2023లో దాన్ని సవరించినప్పుడు గణితంలో స్టాటిస్టిక్స్ చేరింది. అంతకుముందు అడ్వాన్స్‌డ్ పేపర్లు ఎన్ని తిరగేసినా దానికి సాధన దొరకదు. అది జేఈఈ మెయిన్ పేపర్ల నుంచి తెచ్చుకున్నాం.

ఇప్పుడు వాడి బల్ల మీద కట్ట సగమైంది. రోజుకో పేపర్ చేయడం మానేసి, పాతవాటిలోంచి నాలుగు లెక్కలు చేస్తున్నాడు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు తనే తయారు చేసుకుంటూ.