కార్తీక దీపానికి మా ఇంటి ముందు సీరియల్ లైట్లు

మేము చదివింది తమిళంలో, తెలుగు అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నాము. తప్పులుంటే మన్నించండి.

తిరుచ్చి పొన్మలై రైల్వే క్వార్టర్స్ వదిలి సొంత ఇంటికి వచ్చిన మొదటి ఏడు, దీపావళికి కట్టిన సీరియల్ లైట్లను కార్తీక దీపం దాకా విప్పకుండా ఉంచాము. ఎరుపు, పచ్చ, నీలం, పసుపు అన్నీ కలిసి మిణుకు మిణుకుమని ఆడేవి. కార్తీక దీపం రోజు మా ఇంటావిడ పిట్టగోడ మీద, మెట్ల మీద 27 ప్రమిదలు పెట్టింది. వీధిలోకి వెళ్ళి చూసి, "ఏమండీ, నా దీపాలు ఏవీ కనిపించడం లేదే" అన్నది. నిజమే. దీపం వెలుగు మెత్తనిది. పక్కన నీలం లైటు ఆడుతుంటే కంటికి ఆనదు. ఆమె ఇంకేమీ అనలేదు, లోపలికి వెళ్ళిపోయింది. మాకు అది చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

మరుసటి ఏడు వార్మ్ వైట్ కొనడానికి కడై వీధికి పోయాము. తెల్ల లైట్లలో రెండు రకాలు ఉన్నాయి. కూల్ వైట్ ట్యూబ్‌లైటులాగ నీలం పారుతుంది, పెట్టె మీద 6500K అని ఉంటుంది. వార్మ్ వైట్ 2700K లేక 3000K, పాత గుండు బల్బు రంగు. నూనె దీపం ఇంకా ఎరుపు వైపే ఉంటుంది గానీ, వార్మ్ వైట్ దాని పక్కన ఉంటే ఒకే కుటుంబంలాగ కనిపిస్తుంది. ఒక మాట, పెట్టె మీద ఒకే పేరున్నా రెండు కంపెనీల రంగు ఒకటిగా ఉండదు. కొనే రెండు సెట్లనూ అంగట్లోనే పక్కపక్కన వెలిగించి, అరచెయ్యి కింద పెట్టి చూడండి. ఒక దాని కింద చెయ్యి పచ్చగా పాలిపోతే ఆ జత వద్దు. ఫోన్ ఫోటో చూసి నిర్ణయించకండి, కెమెరా రంగును తానే మార్చేస్తుంది.

మా ఇంటి ముందరి వెడల్పు 20 అడుగులు. పైన పిట్టగోడ అంచుకు 20, రెండు పక్కల కిందికి పది పది, వాకిలి చుట్టూ 18, ప్లగ్ దాకా 8. మొత్తం 66 అడుగులు. పది మీటర్ల సెట్లు రెండు సరిగ్గా సరిపోయాయి. ఈ రెండూ వార్మ్ వైటే, ఆడవు, ఊరికే వెలుగుతాయి. ఎనిమిది రకాలుగా ఆడే డబ్బా ఉన్న సెట్టు మేము కొనలేదు. మన కరెంటు సంగతి తెలుసు కదా, పోయి వస్తే చాలా సెట్లు మళ్ళీ మొదటి ఆటే మొదలుపెడతాయి.

అంతా ఒకే తెలుపైతే పండుగ కళ లేదని మనవరాలు గొడవ చేసింది. సరే అని రంగులో రెండే చిన్న సెట్లు తెచ్చాము, ఎరుపు ఒకటి, పచ్చ ఒకటి. (సిగ్నల్ బుద్ధి ఎక్కడికి పోతుంది!) పసుపు వద్దనుకున్నాము, వార్మ్ వైట్ పక్కన అది రంగుగానే తెలియదు. నీలం దూరం నుంచి అంచులు చెదిరి మసకగా కనిపిస్తుంది, మా వయసు కళ్ళకు మరీ కష్టం.

ఇక్కడ ఒక తప్పు చేశాము. ఎరుపు సెట్టును వాకిలి మామిడాకుల తోరణంలో దూర్చాము. రాత్రి చూస్తే ఆకులు నల్లగా, ఎండిపోయినట్టు ఉన్నాయి. పచ్చ ఆకు ఎరుపు వెలుగును మింగేస్తుంది, తిరిగి ఇవ్వదు. ఏదో అశుభంగా ఉందని ఇంటావిడ ముఖం మాడ్చింది. వెంటనే పచ్చ సెట్టును తోరణంలోకి మార్చాము, ఆకులు అప్పుడే కోసినట్టు అయ్యాయి. ఎరుపును గేటు దగ్గర సున్నం కొట్టిన రెండు స్తంభాలకు చుట్టాము. తెల్ల గోడ ఏ రంగునైనా పట్టుకుని పరుస్తుంది, అందుకని కొన్ని బల్బులే చాలు. ప్రమిదలు ఉండే పిట్టగోడ దగ్గర మాత్రం రంగు ఒక్కటీ లేదు.

ప్రమిదలను వైరుకు ఒకటిన్నర అడుగు దూరంగా పెట్టాము, ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ నెలలో మనకు వాన కాబట్టి ప్లగ్‌ను వరండా లోపల పెట్టి, వైరును ప్లగ్ కన్నా కిందికి వేలాడేలా వదిలి పైకి తెచ్చాము. నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఆ రాత్రి మనవరాలు ఎదురింటి అరుగు మీద నిలబడి వేలు చూపిస్తూ లెక్క పెట్టింది. "అవ్వా, ఇరవై ఆరే ఉన్నాయి!" అని అరిచింది. ఇంటావిడ నూనె గిన్నె తీసుకుని మెట్ల వైపు వెళ్ళింది, గాలికి ఆరిన ఒకటి వెలిగించడానికి.