"సార్ ఉన్నారా?" అని అడగొద్దు

కోరుట్ల నుంచి ఖాలా ఫోన్. సలాం కూడా పూర్తి కాలేదు. "బేటా, ఫైలు వాపస్ వచ్చింది" అంది.

ఆమె కొడుకు, నాకు తమ్ముడి వరస, గల్ఫ్‌లో పనిచేస్తూ ఇంతెఖాల్ అయ్యాడు. అలా పోయినవాళ్ల ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు దరఖాస్తు పెట్టాం. పాస్‌పోర్ట్‌లో పేరు "మహమ్మద్" అని ఉంది, ఆధార్‌లో "ఎండి" అని ఉంది. ఇద్దరూ ఒక్కరేనని రుజువు కావాలన్నారు. మన ఇళ్లలో ఈ తక్లీఫ్ తెలియనిది ఎవరికి? తహసీల్దార్‌తో విచారణ చేయించి రిపోర్ట్ తెప్పించుకోమని పై అధికారి ఫైలు మీద ఒక్క ముక్క రాస్తే పని నడుస్తుంది. కోడలు ఇద్దత్‌లో ఉంది, గడప దాటదు. ఖాలాకు బీడీలు చుట్టడం తప్ప ఆఫీసుల సంగతి తెలియదు.

"జగిత్యాలలోనే ఉన్నావు కదా, పెద్ద సారు ఉన్నాడో లేడో కనుక్కో బేటా" అంది.

కనుక్కుంటానన్నాను. కానీ ఆ మాట ఆ మాటగా అడగకూడదని నాకు సిరిసిల్లలో తెలిసొచ్చింది.

అది 2017. సిరిసిల్ల జిల్లా అయి ఏడాది కూడా కాలేదు. మరమగ్గాల కార్మికుల కూలి గురించి రాయడానికి ఓ ఆఫీసులో పెద్ద అధికారిని కలవాలి. మూడు రోజులు వరసగా ఫోన్ చేసి "సార్ ఉన్నారా?" అన్నాను. మూడు రోజులూ "లేరు" అన్నారు. నాలుగో రోజు నేరుగా వెళ్లి ప్రెస్ కార్డు బల్ల మీద పెట్టాను. "కూర్చోండి" అన్నాడు పీఏ. రెండున్నర గంటలు కూర్చున్నాను. సారు పక్క తలుపు నుంచి వెళ్లిపోయారు.

తలుపు దగ్గర ఓ పెద్ద వయసు అటెండర్ ఉన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "భాయ్‌సాబ్, మీరు సారు ఉన్నరా అని అడిగిండ్రు, లేరు అని జవాబిచ్చిండు. అండ్ల ఆయన తప్పేమున్నది? మీకేం పనో, ఎంతసేపో ఆయనకు తెల్వదు. తెల్వని మనిషిని లోపలికి పంపితే తిట్లు పడేది ఆయనకు" అన్నాడు.

బస్సులో జగిత్యాల వచ్చేదాకా అదే ఆలోచించాను. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగులో డిగ్రీ చేశాక కూడా కొన్ని మాటలు ఉర్దూలోనే వినిపిస్తాయి. పెద్ద అధికారి ఆఫీసును తెలుగులో 'పేషీ' అంటాం. ఫార్సీలో 'పేష్' అంటే ముందు, ఎదురుగా. ఎవరైనా మన తరఫున మన మాటను లోపల పేష్ చేయాలి. ఆ పని చేసేవాడే పీఏ, కలెక్టర్ల దగ్గరైతే సీసీ. లోపలికి తీసుకుపోవడానికి నేను అతనికి ఏమిచ్చాను? ఒక కార్డు, కాస్త గుర్రు. అంతే.

అందుకే ఈసారి ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకున్నాను. ఎవరు, ఏం పని, ఎన్ని నిమిషాలు, ఏ రోజుల్లో రాగలను. సోమవారం ప్రజావాణి ఉంటుంది, ఆ రోజు ఎవరికీ ఫుర్సత్ ఉండదు. పొద్దున పదిన్నరకు అందరూ ఫోన్ చేస్తారు. సాయంత్రం ఐదు దాటాక, మర్నాటి ప్రోగ్రామ్ తయారయ్యే వేళ, మంగళవారం చేశాను.

"నమస్తే అన్నా. నేను జగిత్యాల నుంచి మాట్లాడుతున్న. మీ పేరు తెలుసుకోవచ్చా?" చెప్పాడు. ఆ తర్వాత అదే పేరుతో పిలిచాను.

"గల్ఫ్‌లో చనిపోయిన మా తమ్ముడి ఎక్స్‌గ్రేషియా ఫైలు. పేరు తేడా వల్ల ఆగింది. తహసీల్దార్ విచారణకు పంపాలని సారును అడగాలె. పది నిమిషాలు చాలు, నేనూ వాళ్లమ్మా ఇద్దరమే వస్తం. గురువారం గానీ శుక్రవారం గానీ మూడు తర్వాత సారుకు ఎప్పుడు వీలైతది?"

చూడండి, ఇందులో "లేరు" అనే జవాబుకు చోటు లేదు. విలేకరినన్న మాట ఎత్తలేదు. ఎత్తితే అతను జాగ్రత్తపడతాడు, సారు ఇంకా జాగ్రత్తపడతారు. ఎమ్మెల్యే పేరు కూడా ఎత్తలేదు. అది సిఫారిష్ కాదు, బెదిరింపులా వినిపిస్తుంది.

అయినా జవాబు "సారు బిజీ ఉన్నరు, చూసి చెప్తం" అనే వచ్చింది.

ఇది తోసేయడమా, నిజమా? నాకొక గుర్తు ఉంది. జవాబులో రోజు గానీ వేళ గానీ, లేదా వేరే అధికారి పేరు గానీ ఉంటే అది నిజమైన జవాబు. "శుక్రవారం టూరు ఉంది" అన్నా, "ఇది ఫలానా సెక్షన్ చూస్తది" అన్నా అది మనకు దారి చూపినట్టే. ఏదీ లేకపోతే మాట గాలిలో ఉన్నట్టు. అప్పుడు కోపం చేస్తే తలుపు మూసుకుంటుంది, "సరే" అని పెట్టేస్తే మనల్ని మర్చిపోతారు.

"అలాగే అన్నా. మీకు శ్రమ వద్దు, నేనే రేపు ఇదే టైముకు చేస్త. నా పేరు, పని ఒక చిట్టీ మీద రాసుకుంటరా? ఒకవేళ ఇది సారు దాకా రావాల్సింది కాకపోతే ఎవరిని కలవాల్నో చెప్పినా మేహర్బానీ" అన్నాను. కాసేపు కాగితం చప్పుడు. "ఎండి, మహమ్మద్ ... ఇదే కదా తేడా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, రాసుకుంటున్నాడని.

బుధవారం ఐదు దాటాక చెప్పిన వేళకే చేశాను. "రేపు మూడున్నరకు రండి. ఆధార్, పాస్‌పోర్ట్ జిరాక్సులు పైనే పెట్టుకోండి" అన్నాడు. ఒకవేళ మళ్లీ "చూస్తం" అంటే నేనేం చేసేవాణ్ణి? మూడోసారి అడిగి, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకునేవాణ్ణి. అదబ్‌గా అడిగితే తలుపు తెరుచుకోవచ్చు గానీ, తెరవాలన్న హుకుం మన చేతిలో లేదు.

గురువారం ఖాలా బురఖా సర్దుకుంటూ నా వెనకే వచ్చింది. లోపల ఎనిమిది నిమిషాలు. సారు రెండు జిరాక్సులు పక్కపక్కన పెట్టి చూశారు. పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒకటే. ఫైలు మీద రాసి తహసీల్దార్‌కు పంపమన్నారు. డబ్బు చేతికి రాలేదు ఇంకా. కానీ ఆగిన చోటు నుంచి కదిలింది.

బయటికొచ్చాక ఖాలా గుసగుసగా అడిగింది. "ఆ బాబుకు మిఠాయి ఏమన్నా ఇవ్వాల్నా బేటా?"

"వద్దు ఖాలా" అన్నాను. ఆయన బల్ల దగ్గర ఆగి, పేరుతో పిలిచి, "సారు తహసీల్దార్‌కు రాసిండ్రు అన్నా, మీ వల్ల అయింది" అని చెప్పాను. లోపల ఏమైందో ఆయనకు ఎవరూ వచ్చి చెప్పరనుకుంటా. ఒక క్షణం తల పైకెత్తి చూశాడు.

"రిపోర్ట్ వచ్చినంక ఫోన్ చేయండి" అన్నాడు. "మధ్యాహ్నం వద్దు. ఐదు దాటినంక."