యతి స్థానం

యతి అంటే విరామమని చాలామంది అనుకుంటారు. సంస్కృత ఛందస్సులో అది నిజమే, అక్కడ మాట ఆగుతుంది. మన పద్యంలో ఆగనక్కరలేదు. పాదం మొదటి అక్షరంతో ఆ చోటి అక్షరానికి మైత్రి కుదిరితే చాలు. ఉత్పలమాలలో పదవది, చంపకమాలలో పదకొండవది. పద్యం మధ్యలో తడబడిన పిల్లవాడికి ఆ ఒక్క అక్షరం అందిస్తే తక్కినది తనంతట తానే దొరలివస్తుంది. బడిలో ఎన్నిసార్లు చూశానో!

సంక్రాంతి వెళ్ళాక, 1981 నాటి మా పండిత శిక్షణ మిత్రులం రాజమహేంద్రవరంలో రాత్రి భోజనానికి కలుసుకున్నాము. నా ప్రక్క విస్తరి వద్ద కూర్చున్నవాడు ఆనాడు నా గదిలోనే ఉండేవాడు. పద్యధారణలో మాలో అతడికి సాటి లేదు. ఆ రాత్రి కూడా నాలుగైదు పద్యాలు ఎక్కడా తొణకకుండా చదివాడు.

కూర వడ్డించేవాణ్ణి పిలిచి, “అదేనోయ్, ఆవ పెట్టి వండుతారే...” అని ఆగాడు.

“ప...” అన్నాను.

“పనసపొట్టు!” అని నవ్వాడు. మాట జారడం మా వయసులో వింత కాదు. మొదటి అక్షరానికి పలికిందంటే మాట లోపలే ఉన్నట్టు.

కొంతసేపటికి అడిగాడు. “చెల్లెమ్మను తీసుకురాలేదేమోయ్?”

నా చేయి విస్తరిలోనే ఉండిపోయింది. నా భార్య పోయిన ఆషాఢంలో కాలం చేసింది. పదవరోజుకు ఇతడు వచ్చి, రెండు రోజులు నా వెంటే ఉన్నాడు. ఇది జారిన మాట కాదు. అందించడానికి అక్షరం లేదు.

చెబితే, పదిమంది నడుమ ఆ వార్త అతడికి క్రొత్తగా తగులుతుంది. “ఒంట్లో బాగాలేదు” అంటే గడిచిపోతుంది. ఎదుటి వరుసలో అతని భార్య మాటలాపి నా వంకే చూస్తోంది. ఆవిడకు తెలుసునని అప్పుడు అర్థమైంది.

అతడు గొంతు తగ్గించాడు. “అడగరానిది అడిగాను కదూ? నువ్వు ఊరికే ఆగేవాడివి కావు. ఈ మధ్య ఇలా అవుతోందిరా. ఇంట్లో చెప్పలేదు.”

“మీ చెల్లెమ్మ ఆషాఢంలో వెళ్ళిపోయింది. నువ్వు వచ్చావు.”

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “వచ్చానా?” అన్నాడు.

“రెండు రోజులున్నావు. పడవరేవుకు కూడా నాతో వచ్చావు.”

అతని ముఖం కొద్దిగా తేరుకుంది. థైరాయిడ్ లోపం వల్లా, బి12 తగ్గినా మరపు వస్తుందనీ, ముందు రక్తపరీక్షలు చేయిస్తే అవైతే మందుతో నయమవుతాయనీ చెప్పాను. అవి కాకపోతే ఏమిటన్నది అతడు అడగలేదు, నేనూ ఎత్తలేదు. “రేపు నేనూ వస్తాను. ఇంట్లో మాత్రం ఈ రాత్రే చెప్పు” అన్నాను.

పెరుగు వచ్చింది. చేయి అడ్డుపెట్టి వద్దన్నాడు. ఎదుటి వరుస వంక ఒకసారి చూసి, “ఎన్ని గంటలకు?” అన్నాడు.