రంగం కార్డు అసలుదేనా?

"మా తాతగారి కాలం నాటి రంగం కార్డు" అని ఎవరైనా గ్రూపులో ఫోటో పెడితే, ముందు డబ్బు పంపేయకండి. ఒక్క ఐదు నిమిషాలు నేను చెప్పేది వినండి.

యాంగోన్‌ని మన గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు గనక ఇక్కడ మనవాళ్ళకి "కోరంగీలు" అనే పేరు పడింది. రేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు చాలామంది అడవుల వెంట నడిచి ఇళ్ళకి చేరారు. అలా వచ్చిన ఇళ్ళల్లో ఫోటోలు, కాగితాలు ఏం మిగులుతాయి చెప్పండి? అందుకే ఇక్కడి పాత పోస్టుకార్డులంటే మనవాళ్ళకి అంత ఆశ. ఆ ఆశ అమ్మేవాళ్ళకీ తెలుసు.

మన గ్రూపులో కాకినాడ అక్క ఒకావిడ పోయిన ఏడాది నాకు పని అప్పజెప్పారు. వాళ్ళ మామగారి నాన్న ఈ రేవులో కూలి. మామగారికి ఎనభై దాటాయి, చూపు తగ్గుతోంది. ఆయన కళ్ళు పనిచేస్తుండగానే ఆ కాలం నాటి రేవు కార్డు ఒకటి చేతిలో పెట్టాలని అక్క కోరిక. పాత సామాన్లు అమ్మే ఒకతని దగ్గర నది ఒడ్డు బొమ్మవి రెండు కార్డులు దొరికాయి. రెండూ ఒకే బొమ్మ, ఒకే సైజు. ఒకటి బాగా పసుపెక్కి, మధ్యలో మడత గీతతో వందేళ్ళ దానిలా ఉంది. రెండోది మూలలు అరిగి, వెనక మరకతో కాస్త అనాకారిగా ఉంది. అతను మొదటిదానికి మూడింతల ధర చెప్పాడు.

ముందు వేలితో చూశాను. కార్డుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే వెలుతురు పక్కనుంచి పడుతుంది. నిజమైన మడత అయితే అక్కడ కాగితం పొర విరిగి, వేలికి గరుకుగా తగులుతుంది. మొదటి కార్డు మీద మడత కంటికి కనిపిస్తోంది గానీ, వేలికి అద్దంలా నున్నగా ఉంది. అంటే ఆ మడత ఇంకో కార్డుది! ఎవరో పాత కార్డుని స్కాన్ చేసి, దాని మడతతో సహా అచ్చు వేశారు. స్టాంపు కూడా అంతే. అతికించిన స్టాంపు అంచు గోటికి తగలాలి.

తర్వాత భూతద్దం. ఇది యాంగోన్‌లో కష్టమేం కాదు. పూర్వం స్కాట్ మార్కెట్ అన్న బోగ్యోక్ మార్కెట్‌లో పచ్చలు, కెంపులు చూసే చిన్న అద్దం, పదింతలు చూపేది, అదే చాలు. ఊళ్ళో ఉన్నవాళ్ళు నగల షాపులో అడిగినా ఇస్తారు. అద్దం కింద ముందు బొమ్మ చూడకండి, కింద రాసిన పేరు చూడండి. పాత కార్డులో ఆ అక్షరాలని విడిగా సిరాతో అచ్చు వేసేవారు. అందుకని గీత నిండుగా, ఒకే రంగులో ఉంటుంది. స్కాన్ చేసి వేసినదానిలో అక్షరం కూడా బొమ్మలో భాగమైపోతుంది. దాని అంచు చుక్కలు చుక్కలుగా చెదిరి ఉంటుంది. మొదటి కార్డులో "రంగూన్" అన్న మాట నిండా నీలం, గులాబీ, పసుపు చుక్కలే. రెండోదానిలో కాటుకతో గీసినట్టు నిండు నలుపు.

అప్పుడు ఆకాశం వైపు జరిపాను. ఇప్పటి అచ్చులో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు నాలుగూ కలిసి చిన్న చిన్న పువ్వుల్లా, కార్డంతా ఒకే క్రమంలో ఉంటాయి. ఇంట్లో ప్రింటర్‌తో తీసినదైతే వరస లేకుండా చల్లిన పొడిలా ఉంటుంది. ఆ కాలం రంగు కార్డులు ఎక్కువగా జర్మనీలో అచ్చయ్యేవి. చాలావాటిలో బొమ్మ నలుపు చుక్కలతో ఉండి, రంగుల్ని మాత్రం వేరే రాళ్ళ మీద నుంచి పైపైన అద్దేవారు. కాబట్టి నలుపు చుక్కలు ఒక పద్ధతిలో, రంగు మాత్రం ఇసక రేణువుల్లా క్రమం లేకుండా కనిపిస్తాయి. ఒక్కోచోట రంగు గీత దాటి పక్కకి జరిగి ఉంటుంది. రెండో కార్డులో తెరచాప పడవ ఎరుపు సరిగ్గా అలాగే నీళ్ళలోకి కాస్త ఒలికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చుక్కలు అసలే లేవు కదా అని దొంగదనుకోకండి. కొలోటైప్ అనే పాత పద్ధతిలో చుక్కలుండవు, ఎండిన మట్టిలా సన్నని ముడతల గింజ ఉంటుంది. నిజం ఫోటో కాగితం మీద తీసిన కార్డుకి ఆ గింజా ఉండదు. అక్కడ చీకటి భాగాల్లో వెండి మెరుపు తేలిందేమో చూడాలి.

చివరికి దొంగ నోట్లు చూసే నీలి లైటు. కాగితం తెల్లగా మెరవడానికి వేసే మందు సుమారు 1950 నుంచే వాడుకలోకి వచ్చింది. చీకటి గదిలో ఆ లైటు వేస్తే కొత్త కాగితం నీలంగా వెలుగుతుంది. మొదటి కార్డు పైన టీ నీళ్ళ రంగు ఉన్నా, మూల గీరినచోట బల్బులా వెలిగింది. రెండోది మసకగానే ఉంది. అయితే వెలిగితే కొత్తదని చెప్పొచ్చు గానీ, వెలగకపోతే పాతదేనని చెప్పలేం. ఆ మందు లేని కాగితం ఇప్పుడూ దొరుకుతుంది. అందుకే దీన్ని ఆఖరున వాడాలి, అక్షరాల పరీక్షకి తోడుగా.

ఇక కాలం సంగతి. రెండో కార్డు వెనక ఐదో జార్జి రాజు తలతో ఇండియా స్టాంపు ఉంది, ముద్ర సిరా స్టాంపు మీది నుంచి కార్డు మీదకి తెగకుండా పారింది. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీసేదాకా ఇక్కడ ఇండియా స్టాంపులే వాడారు. ఆ రోజు నుంచి వాటి మీద "బర్మా" అని అదనంగా అచ్చు పడింది. కాబట్టి ఎవరైనా "బర్మా" అచ్చున్న స్టాంపు చూపించి 1925 కార్డు అంటే నమ్మకండి. అలాగని స్టాంపు కాలమే బొమ్మ కాలం కాదు. ఇక్కడ స్టూడియో పెట్టిన జర్మన్ ఫిలిప్ క్లియర్ 1911లో పోయాడు, కానీ ఆయన తీసిన బొమ్మలు కొన్ని రంగూన్‌లోని డి. ఎ. అహూజా కార్డులుగా వచ్చాయి. అవీ పాత కార్డులే, దొంగవి కావు. ఒకే బొమ్మ ఏళ్ళ తరబడి అమ్ముడుపోయేది.

మీరు దూరంగా ఉంటే అమ్మేవాళ్ళని మూడు ఫోటోలు అడగండి. కింద అక్షరాల మీద భూతద్దం పెట్టి, దాని మీద ఫోన్ ఆనించి తీసింది ఒకటి. పక్క వెలుతురులో తీసింది ఒకటి. వెనక వైపు ఒకటి. వాట్సాప్ ఫోటోగా పంపితే చుక్కలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపమనండి. పంపనంటే వదిలేయండి.

ఆ రోజు రెండూ కొన్నాను. పాతది అడిగిన ధరకి. కొత్తది మాత్రం "ఇది అచ్చు కదా" అని అక్షరాలు చూపించాక, అతను నవ్వి టీ డబ్బులకి ఇచ్చేశాడు. అక్క ఆ కొత్తదాన్ని పెద్దది చేయించి, మామగారి మంచం ఎదురుగా గోడకి కట్టించారు. ఎండ పడినా, రంగు పోయినా బెంగ లేదు. పాతది పాలిస్టర్ కవర్లో, పొడిగా ఉండే పెట్టెలో ఉంది, పీవీసీ కవరైతే జిడ్డు దిగి పాడవుతుంది. సాయంత్రాలు ఆయన దాన్ని అడిగి తీయించుకుని, బొమ్మ సరిగా కనపడకపోయినా, అరిగిన మూలల్ని బొటనవేలితో తడుముతూ కూర్చుంటున్నారట.